జన్మ జాతకంలో వక్ర శని, వక్ర గురువు: తరచుగా అడిగే ప్రశ్నలు

వక్రించిన గ్రహం అనగానే దోషం అనుకుని కంగారు పడేవారు కొందరు, వక్రిస్తే ఉచ్చతో, అంటే గ్రహం అత్యంత బలంగా ఉండే స్థితితో సమానమని విని సంబరపడేవారు మరికొందరు. ఇద్దరూ అడిగే ప్రశ్నలు మాత్రం ఏళ్ల తరబడి దాదాపు ఒకే మాటలతో వస్తున్నాయి. ముఖ్యంగా శని, గురువుల గురించిన సందేహాలను వారు అడిగిన మాటల్లోనే ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## చక్రం చేతికి వచ్చినప్పుడు

జాతక చక్రంలో శని పక్కన (వ) అని రాశారు. అంటే ఏమిటి?

మీరు పుట్టిన సమయానికి శని వక్రగతిలో ఉన్నాడని దాని అర్థం. కంప్యూటర్ జాతకాల్లో ఇదే గుర్తు R అని కనిపిస్తుంది. రాశిచక్రంలో గ్రహాలు మామూలుగా మేషం నుంచి వృషభానికి, వృషభం నుంచి మిథునానికి ముందుకు సాగుతాయి. దీన్ని ఋజుగతి అంటారు. అప్పుడప్పుడు కొంతకాలం అదే గ్రహం డిగ్రీలు తగ్గుతూ వెనక్కి వస్తున్నట్లు కనిపిస్తుంది, అది వక్రగతి. సూర్యచంద్రులకు వక్రం ఎన్నడూ లేదు. రాహుకేతువుల సహజ గమనమే వెనుకకు కాబట్టి వారి పక్కన గుర్తు ఉన్నా, లేకపోయినా దానికి ప్రత్యేక ఫలితం చెప్పరు. ఈ చర్చ అంతా కుజ, బుధ, గురు, శుక్ర, శనులకే వర్తిస్తుంది.

గ్రహం నిజంగానే వెనక్కి నడుస్తుందా?

నడవదు. భూమి సూర్యుని చుట్టూ శని, గురువుల కన్నా వేగంగా తిరుగుతుంది. భూమి వాటిని దాటిపోయే నెలల్లో, వెనుక ఉన్న నక్షత్రాల నేపథ్యంలో ఆ గ్రహం వెనక్కి జరుగుతున్నట్లు మనకు అగుపిస్తుంది. గురువు విషయంలో ఇది ప్రతి 13 నెలలకు ఒకసారి వచ్చి సుమారు 4 నెలలు ఉంటుంది, ఆ కాలంలో ఆయన దాదాపు 10 డిగ్రీలు వెనక్కి వస్తాడు. శనికి ఏడాదికి పన్నెండు పదమూడు రోజులు ఎక్కువగా ఒక ఆవృత్తి పూర్తవుతుంది, అందులో సుమారు నాలుగున్నర నెలలు వక్రం, వెనక్కి వచ్చే దూరం 7 డిగ్రీల లోపు. ఈ లెక్కన చూస్తే పుట్టినవారిలో మూడింట ఒక వంతుకు పైగా వక్ర శనితోనే పుడతారు. అరుదైన యోగమో, అరుదైన శాపమో అని ఎవరైనా చెబితే ఈ నిష్పత్తిని గుర్తు చేసుకోండి.

మా నాన్నగారి పాత చేతిరాత జాతకంలో వక్రం గుర్తులేవీ లేవు. గురువు, శని వక్రించారో లేదో చక్రం చూసి చెప్పగలమా?

చాలా వరకు చెప్పగలం, పంచాంగం కూడా అక్కరలేదు. శని ఉన్న రాశిని ఒకటిగా తీసుకుని సూర్యుడు ఉన్న రాశి వరకు లెక్కపెట్టండి. సూర్యుడు 6, 7, 8 స్థానాల్లో ఉంటే శని వక్రించినట్లే. 5 లేదా 9లో ఉంటే వక్రం ఉండవచ్చు, ఉండకపోవచ్చు, అప్పుడు మాత్రం ఆ ఏటి పంచాంగంలో గ్రహస్ఫుటాలు, అంటే గ్రహాలు ఏ డిగ్రీలో ఉన్నాయో చూడాలి. మిగిలిన స్థానాల్లో ఉంటే ఋజుగతి అనుకోవచ్చు. 4, 10 స్థానాల అంచుల్లో చాలా అరుదుగా మినహాయింపు వస్తుంది. గురువుకూ ఇదే లెక్క. కుజునికి, బుధశుక్రులకు ఈ సూత్రం పనికిరాదు.

ఎందుకిలా అంటే, శని, గురువులు వక్రించేది సూర్యునికి ఎదురుగా వచ్చే రోజులకు అటూ ఇటూ కొన్ని వారాలే. ఆ నడిమి రోజుల్లో సూర్యుడు పడమట అస్తమించే వేళకు ఆ గ్రహం తూర్పున ఉదయించి రాత్రంతా ఆకాశంలో ఉంటుంది.

ఒక సాఫ్ట్‌వేర్‌లో శని వక్రం అని వస్తోంది, ఇంకో జాతకంలో రాలేదు. ఏది నమ్మాలి?

ముందు పుట్టిన తేదీ వక్రారంభానికో, వక్రత్యాగానికో దగ్గరగా ఉందేమో చూడండి. ఆ రోజుల్లో గ్రహం దాదాపు నిలిచిపోయినట్లు ఉంటుంది. దీన్నే స్తంభన అంటారు. మామూలుగా వేగంగా సాగే రోజుల్లో శని రోజుకు 7 కళలు, అంటే డిగ్రీలో 60వ వంతులు ఏడు, కదిలితే, స్తంభన దగ్గర ఒక కళ కూడా కదలడు. కాబట్టి గణితంలో చిన్న తేడా వచ్చినా ఒకరు వక్రమని, ఒకరు కాదని రాస్తారు. పాత సూత్రాలతో గణించే పూర్వ సిద్ధాంత పంచాంగానికీ, ఆకాశంలో కనిపించే స్థానాలకు సరిపోయేలా గణించే దృక్సిద్ధ పంచాంగానికీ వక్రారంభ తేదీల్లోనే తేడా ఉండవచ్చు.

పుట్టిన రోజుకు ముందు మూడు రోజులు, తరువాత మూడు రోజులు శని స్ఫుటాన్ని దృగ్గణితంతో రాసుకోండి. డిగ్రీలు, కళలు వరుసగా తగ్గుతుంటే వక్రం, పెరుగుతుంటే ఋజుగతి, తగ్గి మళ్లీ పెరిగినా, పెరిగి మళ్లీ తగ్గినా మీరు స్తంభన రోజుల్లో పుట్టారు. అటువంటి జాతకానికి వక్ర ఫలితాన్ని నిక్కచ్చిగా చెప్పకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

## బలం, ఫలం

వక్రించిన గ్రహానికి బలం పెరుగుతుందా, తగ్గుతుందా?

శాస్త్రం ప్రకారం పెరుగుతుంది. గ్రహబలాన్ని ఆరు విధాలుగా లెక్కించే షడ్బలాల్లో చేష్టాబలం ఒకటి. గ్రహం నడకను బట్టి వచ్చే బలం ఇది. సూర్యసిద్ధాంతం గ్రహగతులను ఎనిమిదిగా విభజించింది, వాటిలో మొదటిది వక్రమే. చేష్టాబలానికి గరిష్ఠం 60 షష్ట్యంశలు, అంటే ఒక రూప.

ఇందులో పరిశీలన కూడా ఉంది. వక్ర కాలంలో గురు, శనులు భూమికి దగ్గరగా ఉంటారు, కంటికి ఎక్కువ కాంతితో కనిపిస్తారు. సూర్యుని దగ్గరకు వెళ్లి కనబడకుండా పోయిన గ్రహాన్ని అస్తంగతమనీ, బలం కోల్పోయిందనీ అన్న పెద్దలు, రాత్రంతా వెలిగే గ్రహాన్ని బలవంతుడని అనడంలో ఒక క్రమం కనిపిస్తుంది.

అయితే వక్రించిన ప్రతి శనికీ ఒకే బలం రాదు. సులువుగా అంచనా కట్టాలంటే శనికీ సూర్యునికీ మధ్య ఉన్న దూరాన్ని డిగ్రీల్లో తీసుకుని (180 దాటితే 360లోంచి తీసివేసి) మూడుతో భాగించండి. సరిగ్గా ఎదురుగా 180 డిగ్రీల్లో ఉంటే 60 వస్తుంది. వక్రం మొదలైన రోజున 110 డిగ్రీల దూరమే ఉంటే 37 దగ్గర ఆగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ గణితం చేయకుండా వక్రం అనగానే 60 వేసేస్తాయి, అందుకే రెండు షడ్బల పట్టికలు ఒకలా ఉండవు.

బలం ఎక్కువంటే మంచి ఫలితాలు ఎక్కువని కదా?

కాదు, తప్పుదోవ పట్టేది ఎక్కువగా ఇక్కడే. చేష్టాబలం ఆ గ్రహం తన పని ఎంత గట్టిగా చేస్తుందో చెబుతుంది, ఆ పని మీకు మేలో కీడో చెప్పదు. కల్యాణవర్మ సారావళిలో ఈ తేడా స్పష్టంగా ఉంది: శుభగ్రహాలు వక్రిస్తే మహాబలవంతులై రాజ్యాన్ని ఇస్తాయి, పాపగ్రహాలు వక్రిస్తే కష్టాలను, ప్రయోజనం లేని తిరుగుడును ఇస్తాయి. వక్ర గురువుకూ వక్ర శనికీ ఒకే వాక్యం చెప్పకూడదనడానికి ఇది ఆధారం.

దీని మీద మరో పొర ఆధిపత్యం. తులా లగ్నానికి శని 4, 5 స్థానాల అధిపతి, వృషభ లగ్నానికి 9, 10 స్థానాల అధిపతి. ఈ ఇద్దరికీ ఆయన ప్రత్యేకంగా మేలు చేసే యోగకారకుడు. కర్కాటక లగ్నానికి ఆయనే 7, 8 స్థానాల అధిపతి. ఒకే రోజున, ఒకే ఊళ్లో, వేర్వేరు లగ్నాల్లో పుట్టిన ముగ్గురికి అదే వక్ర శని మూడు రకాల పనులు చేస్తాడు. నైసర్గికంగా శుభుడా పాపుడా, లగ్నానికి ఏ భావాల అధిపతి, ఏ భావంలో ఉన్నాడు అన్నవి తేలాకే వక్రబలాన్ని కలుపుకోవాలి.

నీచలో ఉన్న గ్రహం వక్రిస్తే ఉచ్చ ఫలితం ఇస్తుందంటారు. నిజమేనా?

ఈ మాటకు ఆధారం కాళిదాసు పేరున ఉన్న ఉత్తర కాలామృతం. నీచలో, అంటే అత్యంత బలహీనపడే రాశిలో వక్రించిన గ్రహం ఉచ్చలో ఉన్నట్లు, ఉచ్చలో వక్రించిన గ్రహం నీచలో ఉన్నట్లు ఫలిస్తుందని అందులో ఉంది. మొదటి సగాన్ని అందరూ ఇష్టంగా చెబుతారు, రెండో సగాన్ని దాటవేస్తారు. సూత్రాన్ని తీసుకుంటే మొత్తం తీసుకోవాలి: నీచ రాశి మేషంలో వక్రించిన శనిని మెచ్చుకున్నవారు ఉచ్చ రాశి తులలో వక్రించిన శనిని తగ్గించి చెప్పక తప్పదు. వక్రాన్ని బలంగానే లెక్కించే చేష్టాబల పద్ధతితో ఈ రెండో సగం పొసగదు కాబట్టి దాన్ని అంగీకరించని జ్యోతిష్కులు ఉన్నారు.

నేను అనుసరించే దారి ఇది: వక్రం వల్ల నీచత్వపు బలహీనత చాలావరకు తగ్గుతుంది, కానీ రాశి మారదు. మేషంలో ఉన్న శని మేష స్వభావంలోనే, అంటే తొందరపెట్టే చోట ఓర్పుతో పని చేయవలసిన స్థితిలోనే ఉంటాడు. ఉచ్చ శనికి చెప్పే ఫలితాన్ని అక్షరాలా తెచ్చి అక్కడ అంటించడం సరికాదు.

## శని, గురువు ఏం మారుస్తారంటారు

పుట్టుకతో శని వక్రిస్తే జీవితంలో ఏం మారుతుంది?

శని శ్రమకు, ఆలస్యానికి, బాధ్యతకు, సేవకు కారకుడు. వక్రించినప్పుడు ఈ కారకత్వాలు రెట్టించిన పట్టుతో వస్తాయని సంప్రదాయం. పని ఒక్కసారితో తెమలదు, చేసిందే మళ్లీ చేయవలసి వస్తుంది; పరీక్ష రెండోసారి రాయడం, ఇల్లు కట్టడం మధ్యలో ఆగి తిరిగి మొదలుకావడం, మానేసిన ఉద్యోగానికే మళ్లీ చేరడం వంటివి చెబుతారు. సారావళిలోని ప్రయోజనం లేని తిరుగుడు అన్న మాటకు నేటి రూపాలు ఇవే.

మరో వైపు, ఎవరూ అడగకుండానే బాధ్యతను నెత్తిన వేసుకోవడం, తన పనిని తానే పదిసార్లు సరిచూసుకోవడం కూడా వక్ర శని లక్షణంగానే చెబుతారు. ఆయన యోగకారకుడై మంచి భావంలో ఉంటే ఈ సరిచూసుకునే గుణమే లెక్కలు, న్యాయం, యంత్రాలు, పరిశోధన వంటి ఓర్పు కావలసిన వృత్తుల్లో నిలబెడుతుంది. దుస్థానాలైన 6, 8, 12 భావాలకు అధిపతి అయి లగ్నాన్నో చంద్రుణ్ణో చూస్తుంటే అదే గుణం తనను తాను నిందించుకునే అలవాటుగా మారుతుందంటారు. గత జన్మ రుణం అని భయపెట్టే మాటలు ప్రచారంలో ఉన్నాయి. వక్రం ఉన్నా లేకున్నా శని కర్మకారకుడే, కాబట్టి ఆ మాటతో కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

గురువు వక్రిస్తే సంతానం, చదువు దెబ్బతింటాయా?

వక్రం ఒక్కదాని వల్ల దెబ్బతింటాయని చెప్పడానికి ఆధారం లేదు. గురువు శుభగ్రహం, వక్రించిన శుభగ్రహం బలమైన మేలు చేస్తుందన్నది సారావళి మాట. సంతానం గురించి చెప్పాలంటే పంచమ భావం, పంచమాధిపతి, పుత్రకారకుడైన గురువు ముగ్గురినీ చూడాలి. గురువు వక్రించడం ఆ మూడింటిలో ఒకదానికి సంబంధించిన ఒక అంశం మాత్రమే.

మార్పు వచ్చేది నేర్చుకునే తీరులో అని అనుభవజ్ఞులు చెబుతారు. వక్ర గురువు ఉన్నవారు చెప్పింది చెప్పినట్లు ఒప్పుకోరు. మంత్రమైనా, పాఠమైనా, పెద్దల మాటైనా తమంతట తాము తరచి చూసుకున్నాకే నిలుపుకుంటారు. అందువల్ల చదువులో దారి మార్చడం, మొదటి గురువును వదిలి చాలాకాలానికి మరో గురువు దగ్గర స్థిరపడటం కనిపిస్తుందంటారు. ఆలస్యం ఉన్నా, వచ్చిన విద్య గట్టిగా నిలుస్తుంది. శని వక్రంలో పని మళ్లీ మళ్లీ వస్తే, గురు వక్రంలో ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది అని ఒక పెద్దాయన నాకు చెప్పారు. ఇంతకన్నా సూటిగా ఆ తేడాను ఎవరూ చెప్పగా నేను వినలేదు.

వక్రించిన గ్రహం వెనుక రాశి ఫలితం ఇస్తుందని మా జ్యోతిష్కులు చెప్పారు. చక్రంలో గ్రహాన్ని వెనక్కి మార్చుకోవాలా?

మార్చకూడదు. కొందరు వక్ర గ్రహం వెనుక రాశి నుంచి కూడా చూస్తుందని దృష్టిని కలుపుకుంటారు. అది వారి పరంపరలోని పద్ధతి. దాన్ని అనుసరించేవారు సైతం గ్రహాన్ని ఉన్న రాశి నుంచి తీసివేయరు. శని ఒక వక్రంలో 7 డిగ్రీల లోపే వెనక్కి వస్తాడు కాబట్టి రాశి మధ్యలో వక్రించిన శని వెనుక రాశిని తాకనైనా తాకడు. రాశి మొదటి డిగ్రీల్లో ఉండి, కొన్ని వారాల్లో నిజంగానే వెనుక రాశిలోకి జారిన గ్రహానికి మాత్రం ఆ మాటలో కొంత అర్థం ఉందనిపిస్తుంది.

## ఒక జాతకం చేతపట్టుకుని

1998 చివర్లో పుట్టాను. శని నీచ, పైగా వక్రం. గురువు కూడా వక్రం. పెళ్లి, ఉద్యోగం రెండూ పోయినట్లేనా?

ఆ ఏడాది ఆగస్టు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు శని, గురువు ఇద్దరూ వక్రంలో ఉన్నారు, శని మేషంలో నీచలో ఉన్నాడు. ఆ మూడు నెలల్లో పుట్టిన వారందరికీ ఈ స్థితి ఉంది. కాబట్టి తేడా అంతా లగ్నంలో, చంద్రునిలో, దశలో ఉంటుంది. ఉదాహరణకు 1998 అక్టోబరు 6 మధ్యాహ్నం 12 గంటలకు విజయవాడలో పుట్టినట్లు ఒక జాతకం వేసి చూద్దాం.

లగ్నం ధనుస్సు, చంద్రుడు మీనంలో రేవతి నక్షత్రం. శని మేషంలో సుమారు 7 డిగ్రీల్లో పంచమంలో, గురువు కుంభం చివర సుమారు 27 డిగ్రీల్లో తృతీయంలో ఉన్నారు. సూర్యుడు కన్యలో, అంటే శనికి 6లో, గురువుకు 8లో ఉన్నాడు. వక్రం సందేహం లేనిది. దూరాన్ని మూడుతో భాగిస్తే ఇద్దరికీ చేష్టాబలం 60లో 53 దగ్గరగా వస్తుంది. మేషంలో ఉచ్చ పొందే సూర్యుడు లగ్నానికి దశమ కేంద్రంలో ఉన్నందున శనికి నీచత్వపు బలహీనతను తొలగించే నీచభంగం కూడా ఉంది.

ఇప్పుడు పెళ్లి. సప్తమం మిథునం. మేషంలోని శని మూడో చూపుతో, కుంభంలోని గురువు అయిదో చూపుతో ఇద్దరూ ఆ మిథునాన్నే చూస్తున్నారు. శని చూపు జాప్యం, గురువు చూపు రక్షణ, వక్రం వల్ల రెండూ గట్టివే. సప్తమాధిపతి బుధుడు కన్యలో ఉచ్చలో, దశమంలో ఉన్నాడు. సూర్యునికి దగ్గరగా ఉండటం ఒక్కటే ఆయనకున్న లోటు. ఇటువంటి చక్రాన్ని చూసి పెళ్లి లేదని చెప్పే వీలే లేదు, కొంత ఆలస్యంగా, ఉద్యోగం కుదిరాక అని చెప్పవచ్చు.

ఇక కాలం. రేవతి కాబట్టి బుధ మహాదశతో మొదలై, కేతువు దాటి, సుమారు 2012లో శుక్ర మహాదశ వచ్చింది. అందులో గురు అంతర్దశ 2022 మధ్య నుంచి 2025 మొదటి వరకు, ఆ తరువాత శని అంతర్దశ 2028 వరకు నడుస్తాయి. పుట్టిన సమయం గంట మారితే ఈ తేదీలు కొన్ని నెలలు జరుగుతాయి. వక్ర గ్రహాలు ఇద్దరూ ఈ జాతకుడికి సరిగ్గా ఇరవై అయిదేళ్ల వయసు ప్రాంతంలో పలుకుతున్నారు. అయినా మహాదశానాథుడు శుక్రుడు కన్యలో నీచలో, సూర్యుని సమీపంలో, ఉచ్చ బుధునితో కలిసి ఉన్నాడు. ఫలితంలో ముందు చదవవలసింది ఆ శుక్రుణ్ణి, ఆ తరువాతే శని వక్రాన్ని.

ఇప్పుడు గోచారంలో శని వక్రించాడు, నా జాతకంలోనూ వక్రమే. రెండూ కలిస్తే ఎక్కువ కీడా?

జన్మ చక్రంలోని వక్రం జీవితాంతం ఉండే ముద్ర, గోచార వక్రం, అంటే ప్రస్తుతం ఆకాశంలో నడుస్తున్న వక్రం, అందరికీ ఏటా వచ్చిపోయే స్థితి. 2025 మార్చి 29న మీనంలో ప్రవేశించిన శని అదే ఏడాది జూలై 13 నుంచి నవంబరు 28 వరకు వక్రించాడు. మీన రాశివారికి అది జన్మ శని కాలం, వారిలో వక్ర శనితో పుట్టినవారూ ఋజు శనితో పుట్టినవారూ ఉన్నారు. వక్ర శనితో పుట్టినవారికి గోచార వక్రం అలవాటైన నడక కాబట్టి అంతగా బాధించదని కొందరు అంటారు. కానీ దీనికి గట్టి శ్లోకాధారం నాకు కనిపించలేదు, దాని మీద ఆధారపడి నిర్ణయాలు తీసుకోకండి.

## పెళ్లి మాటలు, శాంతులు

అబ్బాయికి వక్ర శని ఉందని సంబంధం వద్దంటున్నారు. ఇది పొంతనలో లెక్కకు వస్తుందా?

రాదు. 36 గుణాల అష్టకూట పొంతన చంద్రుడి నక్షత్రం, రాశి మీద నడుస్తుంది, కుజదోషం కుజుడు ఉన్న స్థానాన్ని బట్టి చూస్తారు. ఈ రెండింటిలోనూ శని వక్రానికి చోటు లేదు. మూడింట ఒక వంతుకు పైగా మందికి ఉండే స్థితిని దోషంగా పెట్టుకుంటే ప్రతి మూడో సంబంధాన్నీ వదులుకోవాలి. మంచి కుటుంబం, మంచి అబ్బాయి అనుకున్న సంబంధం ఈ ఒక్క అక్షరం వల్ల చెడిపోవడం చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. సందేహం ఉంటే సప్తమ భావాన్ని, దాని అధిపతిని, శుక్రుణ్ణి, రాబోయే దశను చూపించుకోండి.

వక్ర శనికి, వక్ర గురువుకు ప్రత్యేక శాంతి చేయించాలా?

వక్రానికని వేరే శాంతి అక్కరలేదు. శనికి, గురువుకు చేసే మామూలు ఆరాధనే చాలు. శనికి శనివారం, శని త్రయోదశి నాడు తైలాభిషేకం చేయిస్తారు. కోనసీమలోని మందపల్లి మందేశ్వరస్వామి ఆలయానికి అందుకే జనం వెళతారు. గురువుకు గురువారం దక్షిణామూర్తి స్తోత్రం, శనగల దానం అలవాటు. ఆ గ్రహం దశో అంతర్దశో నడుస్తున్నప్పుడు వీటిని చేసుకోవడం పద్ధతి. దశ ఏదో చూడకుండా వక్ర దోష నివారణ అని పెద్ద మొత్తం అడిగితే, మీ లగ్నానికి ఆ గ్రహం ఏ భావాధిపతి, దాని దశ ఎప్పుడు, చేష్టాబలం ఎంత అని మూడు ప్రశ్నలు వేయండి. చక్రం చదివినవారు వాటికి అక్కడికక్కడే జవాబు చెబుతారు.